ప్రాజెక్టుకు కోడ్‌నేమ్: తెలుగు మాట, ఇంగ్లీషు స్పెల్లింగు (తరచుగా అడిగే ప్రశ్నలు)

విజయవాడ, గుంటూరు ఆఫీసుల్లో కొత్త ప్రాజెక్టుకు ముద్దుగా ఒక తెలుగు పేరు పెట్టుకోవడం మామూలే. పేరు నోటితో పలికేది తెలుగులో, కీబోర్డు మీద కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లో. చిక్కంతా ఈ రెండింటి మధ్యే పుడుతుంది. అందుకే ఈ ప్రశ్నలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాం. గుంటూరులో మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీకి, గేటు దగ్గర సరుకు దిగడం నుంచి అద్దె బిల్లు దాకా చూసుకునే సాఫ్ట్‌వేర్ విజయవాడలో ఆరుగురు కలిసి రాస్తున్నారనుకుందాం. దానికి పేరు కావాలి.

అసలు కోడ్‌నేమ్ ఎందుకు? చేసే పని పేరుతోనే పిలిస్తే పోదా?

చిన్న పనికి పోతుంది. ఒక నెలలో ముగిసే స్క్రిప్టుకు కోడ్‌నేమ్ దండగ.

ఏళ్ల తరబడి నడిచే ప్రాజెక్టు సంగతి వేరు. పైన చెప్పిన సాఫ్ట్‌వేర్‌కు మొదటి రోజున `cold-billing` అని పేరు పెట్టారనుకోండి. రెండో సీజనుకు అదే సాఫ్ట్‌వేర్ గేటు పాసులు ఇస్తుంది, మూడో ఏడాదికి నిల్వ ఉన్న సరుకు మీద తీసుకున్న అప్పుల లెక్క కూడా చూస్తుంది. పేరు మాత్రం బిల్లింగ్ అనే అంటుంటుంది. కొత్తగా చేరిన మనిషి అప్పుల కోడ్ కోసం మిగతా అన్ని చోట్లా వెతుకుతాడు, బిల్లింగ్‌లో తప్ప. పైగా ఆఫీసులో మరో బిల్లింగ్ ప్రాజెక్టు వచ్చిందంటే, "బిల్లింగ్ ఆగిపోయింది" అని ఫోన్ వచ్చినప్పుడల్లా ముందు "ఏ బిల్లింగ్?" అని అడగాలి. అర్థం లేని పేరుకు ఉన్న సుఖం ఇదే: పని మారినా అది అబద్ధం కాదు.

నష్టమూ ఉంది. `neredu` అంటే ఏమిటో ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే పేరుతో పాటు ఒక చిట్టా కూడా తప్పదు. దాని సంగతి కింద ఉంది.

ఏ తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే రకంగా వస్తాయి?

తెలుగు అక్షరాల్లో ఒక్కటే ఉన్న మాట ఇంగ్లీషులో మూడు నాలుగు వేషాలు వేస్తుంది. అమరావతిని కొందరు `amaravati` అని, కొందరు `amaravathi` అని రాస్తారు. ఉండవల్లి `undavalli` కావచ్చు, `vundavalli` కావచ్చు. పిచ్చుకను `pichuka`, `pichchuka`, `pitchuka` అని ఎవరికి తోచినట్టు వాళ్లు కొడతారు. రెపోకు ఒక స్పెల్లింగు, సర్వర్‌కు ఇంకోటి, చాట్ గ్రూపుకు మూడోది పడితే, వెతికినప్పుడు మూడో వంతే దొరుకుతుంది. దొరికినదే మొత్తం అనుకోవడం అసలు ప్రమాదం.

ఇబ్బంది పెట్టే అక్షరాలు గట్టిగా నాలుగైదు గుంపులే. మొదటిది త: `t` అనాలా, `th` అనాలా అన్నది మన దగ్గర ఎన్నటికీ తేలదు. తర్వాత శ, ష, స. ఆ తర్వాత ఈ, ఊ దీర్ఘాలు: చీరాలను `chirala` అన్నవారూ ఉన్నారు, `cheerala` అన్నవారూ ఉన్నారు. మాట మొదట్లో వచ్చే ఉ కొందరి చేతిలో `vu` అవుతుంది. చివరిది ఒత్తులు, ముఖ్యంగా చ్చ.

దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది ఇంకోటి ఉంది. రెండు వేర్వేరు మాటలు ఇంగ్లీషులో ఒకటైపోతాయి. గద్ద, గడ్డ రెండూ `gadda`నే. పక్షి పేరు పెట్టామని మీరనుకుంటారు, చదివినవాళ్లకు ఉల్లిగడ్డ గుర్తొస్తుంది.

ఎ, ఏ మధ్య, ఒ, ఓ మధ్య తేడా మాత్రం దాదాపు అందరి చేతిలోనూ `e`, `o` గానే మిగులుతుంది. కాబట్టి ఆ అచ్చులున్న మాటలు నయం. మ, న, ర, ప, క లాంటి హల్లులతో మాట తయారైతే ఇంకా నయం. నెమలి, మామిడి, నేరేడు, వేప ఈ కోవలోవే.

పది పేర్లు రాసుకున్నాం. ఒకటి ఎలా తేల్చాలి?

మన కోల్డ్ స్టోరేజీ జట్టు రాసుకున్న జాబితా ఇదనుకుందాం: మిర్చి, తేజ, కృష్ణా, తెనాలి, రావి, మామిడి, గద్ద, ఓడ, ఉసిరి, నేరేడు. కొట్టివేత తేలికైన పరీక్షతో మొదలుపెట్టి కష్టమైనదానికి వెళ్లాలి. లేకపోతే ఎలాగూ పోయే పేరు మీద గంట వాదన నడుస్తుంది.

మొదటి పరీక్ష, ఆ వ్యాపారంలో రోజూ వాడే మాటలు. మిర్చి వెంటనే పోతుంది, ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి రెండో స్క్రీన్ మీదా మిర్చి ఉంటుంది. తేజ కూడా పోతుంది. అది గుంటూరు యార్డులో అమ్ముడయ్యే మిర్చి రకం పేరు, కాబట్టి రకాల పట్టికలో ఉండి తీరుతుంది. "తేజలో రేటు తప్పు పడింది" అంటే సాఫ్ట్‌వేర్‌లోనా, సరుకులోనా? టిక్కీ, తాలు లాంటి మాటలకూ ఇదే గతి. మామిడి కొంచెం ఆలోచించాల్సిన పేరు. ఈ రోజు ఆ స్టోరేజీలో మిర్చే ఉంది, రేపు మామిడికీ ఒక ఛాంబర్ ఇస్తామంటే పేరు అడ్డం తిరుగుతుంది. ఇప్పుడున్న సరుకుతో ఆగకుండా, ఆ వ్యాపారి రేపు ముట్టుకోగల సరుకు దాకా చూడాలి. మామిడిని పక్కన పెట్టేశాం.

రెండో పరీక్ష, మనుషులూ ఊళ్లూ. రావి చెట్టు మంచిదే, కానీ ఇంగ్లీషులో `ravi` అవుతుంది. ఆఫీసులో రవి లేని జట్టు మన వైపు దొరకడం కష్టం. "రవి రాత్రి నుంచి డౌన్" అన్న మెసేజీ చూసి అతనికి జ్వరమేమో అనుకుంటారు. కృష్ణా నది, జిల్లా, మనిషి, దేవుడు, ఇన్నింటికీ ఒకటే మాట. పైగా `krishna` అని సర్వర్ యూజర్ పేరు ఇప్పటికే ఉండే అవకాశం ఎక్కువ. తెనాలి నిజంగా అందమైన పేరు. కానీ సగం మంది అక్కణ్ణుంచే రైల్లో వస్తుంటే "తెనాలిలో సమస్య" అన్న మాటకు రోజూ రెండర్థాలు. కస్టమర్ అక్కడ బ్రాంచి పెడితే మూడు. చుట్టుపక్కల యాభై కిలోమీటర్లలోని ఊళ్ల పేర్లు వదిలేయడం మంచిదని మా అభిప్రాయం. శ్రీకాకుళం వైపు ఊరి పేరు గుంటూరు ఆఫీసులో బాగానే పనిచేస్తుంది.

మూడో పరీక్ష చెవిది. మిగిలినవి గద్ద, ఓడ, ఉసిరి, నేరేడు. ప్రాజెక్టు గురించి తెలియని ఐదుగురికి ఫోన్ చేసి, పేరు ఒక్కసారే పలికి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపమనాలి. చాట్‌లో అడిగితే ఈ పరీక్ష చెడిపోతుంది, ఎందుకంటే మీ స్పెల్లింగు చూసేస్తారు. ఐదుగురిలో నలుగురు ఒకేలా రాస్తే నిలిచినట్టు. ఉసిరికి `usiri`, `vusiri` రెండూ వచ్చాయనుకుందాం, పోయింది. గద్దకు స్పెల్లింగు ఒకటే వచ్చినా, రాసినదాన్ని ఇంకొకరి చేత చదివిస్తే గడ్డ అని చదివారు, అదీ పోయింది. ఈ తిరుగు పరీక్షను చాలామంది మరిచిపోతారు. రాయించడం ఒక్కటే చాలదు, చదివించాలి కూడా.

నాలుగో పరీక్ష కోడ్‌లో వెతకడం. అక్కడ ఓడ మునిగింది. ఎలాగో తర్వాతి జవాబులో చూడండి. మిగిలింది నేరేడు, `neredu`.

కోడ్‌లో ఎలా వెతకాలి? ఏమి చూడాలి?

రెపోలో నిలబడి ఇలా కొట్టండి:

```
git grep -in "oda"
git grep -in "neredu"
```

`-i` పెద్ద, చిన్న అక్షరాల తేడా వదిలేస్తుంది. `-n` లైను నంబరు చూపిస్తుంది. `oda` కోసం వెతికితే `today`, `modal` ఉన్న ప్రతి లైనూ వచ్చిపడుతుంది. వెబ్ స్క్రీన్లున్న ఏ ప్రాజెక్టులోనైనా అవి వందల్లో ఉంటాయి. `neredu`కు ఏమీ రాకూడదు, రాదు.

ఇక్కడ కొందరు తెలివిగా `-w` జోడిస్తారు, పూర్తి మాట మాత్రమే దొరకాలని. దానివల్ల ఒక మోసం జరుగుతుంది. `-w` లెక్కలో అండర్‌స్కోర్ కూడా అక్షరమే. కాబట్టి `teja` అని `-w`తో వెతికితే `teja_rate` కనపడదు. పేరు ఖాళీగా ఉందనుకుంటారు, కానీ అది పట్టికల్లో నిండా ఉంటుంది. పేరు ఎంచుకునేటప్పుడు `-w` వాడకండి.

మూడు అక్షరాల పేర్లు ఈ కారణంగానే దాదాపు ఎప్పుడూ ఓడిపోతాయి. ఐదు నుంచి ఎనిమిది అక్షరాలు హాయిగా ఉంటాయి.

రెపో ఒక్కటే కాదు. ఇదే మాటను చాట్‌లో, టికెట్లలో, మెయిల్‌లో, చివరికి బయట వెబ్‌లో కూడా వెతకాలి. అదే పేరుతో మీరు వాడే లైబ్రరీ గానీ డేటాబేస్ గానీ ఉంటే వదిలేయండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 2002లో ఫీనిక్స్‌గా మొదలై, ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు పేచీ రావడంతో 2003లో ఫైర్‌బర్డ్ అయింది. ఆ పేరుతో అప్పటికే ఒక డేటాబేస్ ప్రాజెక్టు ఉందని మళ్లీ గొడవ రావడంతో 2004లో ఇప్పటి పేరుకు చేరింది. రెండోసారి పెట్టే ముందు పక్క ప్రాజెక్టుల వైపు ఒకసారి చూసి ఉంటే సరిపోయేది.

హైఫన్, అండర్‌స్కోర్, అంకెలు పెట్టొచ్చా?

వద్దు. ఒకే మాట, అన్నీ చిన్న అక్షరాలు. కారణం ఏమిటంటే ఒకే పేరు పది చోట్ల కూర్చోవాలి, ఒక్కో చోటికి ఒక్కో నియమం ఉంది. పైథాన్ మాడ్యూల్ పేరులో హైఫన్ పెడితే `import` నడవదు. కుబర్నెటిస్ నేమ్‌స్పేస్‌లోనూ, S3 బకెట్ పేరులోనూ అండర్‌స్కోర్ కుదరదు, పెద్ద అక్షరాలూ కుదరవు. పోస్ట్‌గ్రెస్‌లో హైఫన్ ఉన్న పేరును ప్రతిసారీ డబుల్ కోట్స్‌లో పెట్టాలి. అంకెతో మొదలయ్యే పేరు చాలా భాషల్లో చెల్లదు. `nalla-neredu` అని పెడితే ఒక చోట `nalla_neredu`, ఇంకో చోట `nallaneredu` అవక తప్పదు. స్పెల్లింగు బాధ తప్పించుకుని మళ్లీ అందులోనే పడ్డట్టు.

గూగుల్ క్లౌడ్ ప్రాజెక్టు ఐడీకి కనీసం 6 అక్షరాలుండాలి, 30 దాటకూడదు. `vepa` ఒక్కటే అక్కడ పట్టదు, తోక తగిలించాలి. అందువల్ల వేపను కొట్టేయనక్కర్లేదు గానీ ముందే తెలిసి ఉండడం మంచిది.

పేర్లన్నీ అక్షర క్రమంలో పెడితే ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది కదా?

తెలుస్తుంది, క్రమం నిజంగా పాటిస్తే. ఉబుంటు విడుదలల పేర్లు 2006 నాటి డాపర్ డ్రేక్ నుంచి ఇంగ్లీషు అక్షర క్రమంలో నడిచాయి. 2017లో జెడ్ దాకా వెళ్లి మళ్లీ ఏతో మొదలయ్యాయి. డెబియన్‌లో క్రమం లేదు. అక్కడ 10, 11, 12 విడుదలలు వరుసగా `buster`, `bullseye`, `bookworm`. మూడూ బీతోనే మొదలవుతాయి. ఏది కొత్తదో గుర్తుండక, `sources.list`లో పేరు మార్చేటప్పుడు తడబడేవాళ్లు తక్కువేమీ కాదు. మొదటి అక్షరం కలిసిన పేర్లు కంటికి తొందరగా కలిసిపోతాయి. ఒకే ఆఫీసులో `neredu` ఉండగా `nemali` పెట్టకండి.

తెలుగు పేర్లతో క్రమం నడపాలంటే ఇంకో తిరకాసు ఉంది. మన వర్ణమాల ప్రకారం అరటి, ఇప్ప, ఉసిరి, కానుగ అని వరుసగా పెట్టుకున్నారనుకోండి. కంప్యూటర్ వాటిని `arati`, `ippa`, `kanuga`, `usiri` అని పేరుస్తుంది. మూడోది నాలుగోదైంది. క్రమం కావాలనుకుంటే ఇంగ్లీషు స్పెల్లింగు క్రమమే పాటించాలి, వర్ణమాలను ఈ ఒక్క పనికి పక్కన పెట్టాలి.

మామూలు ప్రాజెక్టులకైతే క్రమమే అక్కర్లేదు. ఒకదాని తర్వాత ఒకటి వచ్చే విడుదలలకే అది అవసరం. అక్కడ కూడా వెర్షన్ నంబరు పేరుకంటే నయం.

పేరు ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

రెపో, చాట్ గ్రూపు, టికెట్ల బోర్డు, లోపలి సర్వర్ పేరు: ఇక్కడ కోడ్‌నేమ్ వాడండి. ప్రాజెక్టు లోపలి భాగాలకు మాత్రం కొత్త కోడ్‌నేమ్‌లు వద్దు. `neredu-gate`, `neredu-rent`, `neredu-loan` అంటే ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. గేటుకు కాకి, అద్దెకు కోకిల, అప్పుకు గుడ్లగూబ అని పెట్టుకుంటే మొదటి వారం సరదాగానే ఉంటుంది. ఆరో నెలలో అర్ధరాత్రి అలారం మోగి "కోకిల స్పందించట్లేదు" అని వస్తే, నిద్రకళ్లతో చూసే మనిషికి ఏది ఆగిందో తెలియదు.

డేటాబేస్ పట్టికల్లో, బయటివాళ్లు వాడే ఏపీఐ దారుల్లో, రసీదుల మీద, ఎర్రర్ మెసేజీల్లో కోడ్‌నేమ్ రాకూడదు. రైతు చేతికిచ్చే రసీదు మీద `neredu error` అని ఉంటే గుమాస్తా ఏం చెప్పగలడు?

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఆండ్రాయిడ్ యాప్ ఐడీ విషయంలో. ప్లే స్టోర్‌లో ఒకసారి పెట్టిన యాప్‌కు `applicationId` మార్చలేరు. పైగా అది స్టోర్ పేజీ లింకులోనే అందరికీ కనపడుతుంది. `com.company.neredu` అని వదిలేస్తే యాప్ ఉన్నన్నాళ్లూ అదే. S3 బకెట్, గూగుల్ క్లౌడ్ ప్రాజెక్టు ఐడీ, కాఫ్కా టాపిక్, కుబర్నెటిస్ నేమ్‌స్పేస్‌లకూ పేరు మార్చే దారి లేదు. కొత్తది సృష్టించి, లోపలున్నదంతా అందులోకి తరలించాలి. అవి మామూలుగా బయటికి కనపడవు కాబట్టి కోడ్‌నేమ్ పెట్టుకోవచ్చు, కాకపోతే పేరు ఖాయమయ్యాకే సృష్టించండి. "ప్రస్తుతానికి `test1` అని పెడదాం" అన్నది అక్కడ శాశ్వతమవుతుంది.

హీరోల పేర్లు, నాయకుల పేర్లు పెట్టొచ్చా?

విజయవాడలో ఈ ప్రశ్నకు జవాబు తెలియనివారు లేరు, అయినా అడుగుతారు. ఒక హీరో పేరు పెడితే ఇంకో హీరో అభిమాని ఆ ప్రాజెక్టులో బగ్ దొరికినప్పుడల్లా పండగ చేసుకుంటాడు. పార్టీ, కులం, దేవుడు స్ఫురించే పేర్లూ అంతే. "ఫలానా దేవుణ్ణి కిల్ చేసి రీస్టార్ట్ చెయ్" అని రాయాల్సి వస్తుందని ముందే ఊహించుకోండి.

బతికున్న మనిషి పేరు లోపలే ఉంటుందిలే అనుకోవడం కూడా తప్పు. ఆపిల్ 1994లో విడుదల చేసిన పవర్ మెకింటాష్ 7100కు లోపల ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ పేరు పెట్టుకున్నారు. అది పత్రికల్లోకి పొక్కింది, ఆయన అభ్యంతరం చెప్పారు. ఇంజనీర్లు పేరు మారుస్తూ ఆయన్ను వెక్కిరించే పొడి అక్షరాలు పెట్టారు. ఆయన కోర్టుకెక్కారు. కోర్టులో ఆయన గెలవలేదు గానీ, వ్యవహారం 1995లో రాజీతో ముగిసింది. చెట్టు పేరు పెట్టి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

చిట్టాలో ఏమేమి రాయాలి?

అందరూ తెరవగలిగే ఒక్క పేజీ చాలు. ఒక్కో పేరుకు ఒక్కో వరుస: తెలుగులో పేరు, ఖాయం చేసిన ఇంగ్లీషు స్పెల్లింగు, అదేం చేస్తుందో ఒక వాక్యం, చూసుకునే జట్టు, మొదలైన నెల, ఇప్పుడు నడుస్తోందా ఆగిందా. నేరేడు వరుసలో "గుంటూరు కోల్డ్ స్టోరేజీ: గేటు, నిల్వ, అద్దె" అని ఉంటుంది. అదే వాక్యం రెపోలోని `README` మొదటి లైనుగా కూడా ఉండాలి. తప్పుగా వాడుకలో పడ్డ స్పెల్లింగులు కనిపిస్తే అవీ ఆ వరుసలో రాయండి, వెతికేవాళ్లకు దొరుకుతుంది.

మనిషి పేరు కాకుండా జట్టు పేరు రాయమనడానికి కారణం ఉంది. మనిషి ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోతాడు, వరుస అలాగే ఉంటుంది.

ఇప్పటికే చెడ్డ పేరు పెట్టేశాం. మార్చడం మేలా, భరించడం మేలా?

ఎక్కడెక్కడ పాతుకుపోయిందో లెక్క వేయండి. రెపోలోనూ చాట్‌లోనూ ఉంటే ఒక సాయంత్రం పని. గిట్‌హబ్‌లో రెపో పేరు మారిస్తే పాత లింకులు కొత్తదానికే తీసుకెళ్తాయి. అయితే అదే పాత పేరుతో ఎవరైనా కొత్త రెపో సృష్టిస్తే ఆ దారి తెగిపోతుంది. కాబట్టి ప్రతి ఒక్కరూ తమ కంప్యూటర్‌లో చిరునామా మార్చుకోవడమే నమ్మకం:

```
git remote set-url origin git@github.com:company/neredu.git
```

పైన చెప్పిన మార్చలేని చోట్లలో ఉంటే మాత్రం భరించండి. సగం చోట్ల కొత్త పేరు, సగం చోట్ల పాత పేరు ఉండడం ఒక్క చెడ్డ పేరు కంటే కష్టం. ఇకపై వచ్చిన ప్రతివాళ్లూ రెండూ నేర్చుకోవాలి. మారిస్తే ఒకే రోజున, మారగలిగిన అన్ని చోట్లా మార్చి, చిట్టాలో పాత పేరును కొత్త వరుసకు జత చేయండి.

ఆగిపోయిన ప్రాజెక్టు పేరు మళ్లీ వాడుకోవచ్చా?

వద్దు. ప్రాజెక్టు ఆగినా బ్యాకప్‌లు, పాత టికెట్లు, లాగ్ ఫైళ్లు, సర్వర్ల పాస్‌వర్డుల పేజీ అలాగే ఉంటాయి. రెండేళ్ల తర్వాత కొత్త నేరేడులో డేటా పోయిందనుకోండి. బ్యాకప్ కోసం `neredu` అని వెతికితే పాత నేరేడు ఫైళ్లు కూడా వస్తాయి. ఆ హడావిడిలో తేదీ చూడకుండా వాటిని ఎక్కించేవాళ్లుంటారు. చెట్ల పేర్లు అయిపోతే పక్షులున్నాయి, వంటపాత్రలున్నాయి.